డాంగిలా, బ్లూటూతా? మౌస్ కింద ఉన్న ఆ చిన్న స్విచ్ కథ

ద్వారకా నగర్‌లో ఏ కంప్యూటర్ షాపుకి వెళ్లి వైర్‌లెస్ మౌస్ అడిగినా రెండు రకాలు చూపిస్తారు. ఒకదానితో గోరంత డాంగిల్ వస్తుంది, లాప్‌టాప్ పోర్ట్‌లో పెట్టుకోవాలి. రెండోదానికి డాంగిల్ ఉండదు, బ్లూటూత్‌తో కలుస్తుంది. ఇంకాస్త డబ్బులు పెడితే రెండూ ఉన్న మౌస్ దొరుకుతుంది, మోడ్ మార్చుకోవడానికి దానికో స్విచ్ ఉంటుంది. ఈ ఎపిసోడ్ ఆ స్విచ్ గురించే. బ్యాటరీ అదే, సెన్సార్ అదే కాబట్టి, స్విచ్ మార్చాక కనిపించే తేడా అంతా కనెక్షన్‌దే.

రేజర్ ఒరోచి వీ2 తీసుకుందాం. ఒక్క ఏఏ బ్యాటరీతో నడుస్తుంది. కంపెనీ లెక్కలో డాంగిల్ మీద గరిష్ఠంగా 425 గంటలు, బ్లూటూత్ మీద 950 గంటలు. రోజుకి 8 గంటల ఆఫీస్ పని అనుకోండి. డాంగిల్‌తో 53 రోజులు వస్తుంది, బ్లూటూత్‌తో 118 రోజులు దాటుతుంది. రెట్టింపు కంటే ఎక్కువ!

మరి రెండూ వాడేది ఒకే 2.4 గిగాహెర్ట్జ్ గాలి కదా, తేడా ఎక్కడ? ఎన్నిసార్లు మాట్లాడుతుందన్న దాంట్లో. గేమింగ్ డాంగిల్ మీద మౌస్ సెకనుకి 1000 సార్లు "నేను ఇక్కడున్నా" అని చెబుతుంది, అంటే 1 మిల్లీసెకనుకి ఒకసారి. మామూలు బ్లూటూత్ మౌస్ ఎంత తొందరపడినా 7.5 మిల్లీసెకన్లకి ఒకసారే, సెకనుకి 133 సార్లు. చెప్పిన ప్రతిసారీ రేడియో నిద్ర లేవాలి, బ్యాటరీ తినాలి. అంతేగానీ డాంగిల్ అంటేనే బ్యాటరీ తాగేస్తుందనుకోకండి. సెకనుకి 125 సార్లు చెప్పే ఆఫీస్ డాంగిల్ మౌస్‌లు ఒక్క బ్యాటరీతో ఏడాది వరకు నడుస్తాయని కంపెనీలే రాస్తాయి.

ఇప్పుడు లాగ్. 60 హెర్ట్జ్ స్క్రీన్ 16.7 మిల్లీసెకన్లకి ఒక కొత్త బొమ్మ చూపిస్తుంది. ఆలోపు బ్లూటూత్ కనీసం ఒకసారైనా కబురు పంపేస్తుంది. కాబట్టి ఎక్సెల్‌లో, బ్రౌజర్‌లో మీకు తేడా తెలీదు. అదే 144 హెర్ట్జ్ మానిటర్ మీద వాలరెంట్ ఆడుతున్నారనుకోండి. బొమ్మ 6.9 మిల్లీసెకన్లకే మారిపోతోంది, మౌస్ కబురేమో 7.5కి గానీ రావట్లేదు. చాలా లాప్‌టాప్‌లలో అది 11, 15 దాకా కూడా పోతుంది. అంటే కొన్ని బొమ్మల్లో ఎయిమ్ కదలదు, తర్వాతి బొమ్మలో ఒక్కసారిగా దూకుతుంది. ఎదురుగా శత్రువు వచ్చినప్పుడు అలా దూకితే రౌండ్ పోయినట్టే. గేమ్‌కి డాంగిలే, ఇందులో నాకు రెండో మాట లేదు.

కానీ డాంగిల్ పెట్టినా బాణం ఆగి ఆగి కదులుతోందా? మౌస్ మార్చే ముందు పోర్ట్ చూడండి. యూఎస్‌బీ 3 పోర్ట్ డేటా పంపుతున్నప్పుడు సరిగ్గా 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే రేడియో రొద పుడుతుంది. 2012లో ఇంటెల్ దీని మీద ఓ పేపరే రాసింది. ఒక పోర్ట్‌లో ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్, పక్క పోర్ట్‌లోనే డాంగిల్ ఉందనుకోండి. సినిమా కాపీ అవుతున్నంతసేపు మౌస్ తడబడుతుంది, కాపీ అయిపోగానే మామూలైపోతుంది. అలా జరిగితే దొంగ దొరికినట్టే. డాంగిల్‌ని అవతలి వైపు పోర్ట్‌కి మార్చండి. డెస్క్‌టాప్ అయితే మీటరు ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో దాన్ని మౌస్ ప్యాడ్ పక్కకి తెచ్చుకోండి. డెస్క్‌టాప్ వెనక పోర్ట్‌లో పెడితే మధ్యలో ఇనప క్యాబినెట్ కూడా అడ్డమే కదా.

బ్లూటూత్ తడబడితే కారణం వేరే. చాలా లాప్‌టాప్‌లలో వైఫై, బ్లూటూత్ ఒకే చిప్ మీద ఉంటాయి. ఆఫీస్ మీటింగ్ వీడియో 2.4 వైఫై మీద నడుస్తూ, చెవుల్లో ఇయర్‌బడ్స్ ఉండి, మౌస్ కూడా అక్కడే ఉంటే ముగ్గురూ వంతులు వేసుకోవాలి. వైఫైని 5 గిగాహెర్ట్జ్‌కి మార్చి చూడండి. మౌస్ కుదురుకుంటే రద్దీయే కారణం. కుదుట పడకపోతే ఇయర్‌బడ్స్ తీసేసి చూడండి. అప్పటికీ అలాగే ఉంటే బ్యాటరీ మార్చండి, చివరి దశలో కూడా మౌస్ ఇలాగే చేస్తుంది.

ఒక్క సంగతి మాత్రం సెట్టింగ్స్‌తో పోదు. కాసేపు వదిలేసిన బ్లూటూత్ మౌస్ మళ్లీ కలవడానికి ఒకటి రెండు సెకన్లు తీసుకోవచ్చు. అది లాగ్ కాదు, నిద్ర. ఆ పొదుపులో అదీ ఒక భాగమే.

ఫోన్‌కో టాబ్‌కో మౌస్ కలపాలంటే బ్లూటూత్ వైపు తిప్పండి, ఓటీజీ ముక్క వెతుక్కోవక్కర్లేదు. రెండు మోడ్‌లున్న మౌస్ అయితే డాంగిల్‌ని లాప్‌టాప్‌కే వదిలేసి, స్విచ్ తిప్పినప్పుడల్లా ఒకదాని నుంచి ఇంకోదానికి వెళ్లిపోవచ్చు. మీ మౌస్ ఏ పోర్ట్‌లో తడబడిందో, ఎక్కడికి మారిస్తే కుదురుకుందో కామెంట్‌లో రాయండి. ఉంటాను.