మిశ్రి పంటినొప్పిని తగ్గించదు, దాని నోరు మూస్తుంది

(యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు నేను గుట్కా గురించి మాట్లాడటం లేదు. గుట్కా చెడ్డదని అందరికీ తెలుసు, తినేవాళ్లకు కూడా తెలుసు. నేను మాట్లాడేది పొద్దున లేవగానే పళ్లకు రుద్దుకునే పొడి గురించి. దాన్ని మనం పొగాకు అనుకోం, పళ్లపొడి అనుకుంటాం. సమస్యంతా అక్కడే ఉంది.

సరిహద్దు అవతల మహారాష్ట్రలో దీన్ని మిశ్రి అంటరు. కలకండ మిశ్రి కాదు. పొగాకు ఆకును పెనం మీద వేసి నల్లబడేదాకా మాడ్చి, చల్లారినాక నూరితే వచ్చే పొడి ఇది. చూపుడు వేలితో తీసుకుని చిగుళ్లకు రుద్దుతరు, కాసేపు అట్లే ఉంచుకుని ఉమ్మేస్తరు. ఛత్తీస్‌గఢ్ వైపు గుడాకు అని ఇంకొకటి ఉంటది, పొగాకులో బెల్లపు పాకం కలిపిన ముద్ద. మన దగ్గర ముసలమ్మలు ముక్కుపొడినే పళ్లకు పెట్టుకుంటరు. పేర్లు వేరు, రూపాలు వేరు. లోపల ఉన్నది ఒక్కటే, తంబాకు.

ఎందుకు వాడతరు అని ఎవరినడిగినా ఒకటే జవాబు. "పన్ను గుంజుతుంటే ఎవరో పెట్టుకోమన్నరు, తగ్గింది." ఇది అబద్ధం కాదు. పొగాకులోని నికోటిన్ చిగురు పొర గుండా నేరుగా రక్తంలోకి పోతుంది. మొదట చురుక్కుమంటది, తర్వాత ఆ చోటు మొద్దుబారుతుంది. సన్నటి రక్తనాళాలు బిగుసుకుంటాయి. కాబట్టి నొప్పి తెలియదు, చిగురు నుంచి కారే రక్తం కూడా తగ్గినట్టే కనిపించొచ్చు. కానీ పంటిలోని పుచ్చు అట్లనే ఉంది, చిగురు కింద పేరుకున్న గార అట్లనే ఉంది. నొప్పి అంటే శరీరం పెట్టే కేక. మిశ్రి జబ్బును ఆపలేదు, ఆ కేకను ఆపింది. లోపల జబ్బు చడీచప్పుడు లేకుండా పెరుగుతనే ఉంటది.

ఇంకో మాట కూడా వింటాం. "పొద్దున పెట్టుకోకుంటే నోరు పాచిగా ఉంటది, తల దిమ్ముగా ఉంటది, బయటికి పోవడం కూడా సాఫీగా కాదు." అది నోటి మురికి కాదు. రాత్రంతా నికోటిన్ అందలేదు కాబట్టి శరీరం అడుగుతున్నది. రోజుకు ఒకసారి మొదలైన పళ్లు తోముకోవడం మూడుసార్లు, నాలుగుసార్లు ఎందుకైతదో ఆలోచించండి. ఏ పళ్లపొడీ మనిషిని మధ్యాహ్నం పనిలోంచి లేపదు.

నాకు తెలిసిన ఒక అక్క సంగతి చెప్తాను. పేరు వద్దు. పెళ్లై సరిహద్దు అవతలి ఊరికి పోయింది. తొలి కాన్పు సమయంలో కింది పన్ను నొప్పి లేస్తే అత్తగారింట్లో మిశ్రి ఇచ్చిన్రు. అప్పటికి ఇరవై ఏళ్లు లేవు. ఇప్పుడు నలభై దగ్గర పడుతున్నది. ఎప్పుడూ ఒకటే చోట రుద్దేది, కింది ముందుపళ్ల దగ్గర. పొడిని అక్కడే కింది పెదవి లోపల ఉంచుకునేది. పోయినేడాది పుట్టింటికి వచ్చినప్పుడు ఆమె నవ్వితే ఆ నాలుగు పళ్లు పొడుగ్గా కనిపించినయి. పళ్లు పెరగలేదు, చిగురు కిందికి జారింది. చిగురు జారితే పంటి వేరు బయటపడుతుంది. పంటి మీద ఉండే గట్టి తెల్లపొర వేరు మీద ఉండదు, అది మెత్తగా ఉంటది. గరుకు పొడితో రోజూ రుద్దితే అక్కడ గాడి పడుతుంది. చల్లనీళ్లు తాగినా జివ్వుమంటది. ఆమెకు రెండు పళ్లు అప్పటికే కదులుతున్నయి.

అసలు భయం అది కూడా కాదు. పెదవి తిప్పి చూస్తే లోపల తెల్లటి మచ్చ ఉంది, ముడతలు పడ్డ తోలు లెక్క. గుడ్డతో తుడిచినా పోలేదు. నొప్పి లేదు, అందుకే ఆమె ఎన్నడూ పట్టించుకోలేదు. ఇలాంటి మచ్చలన్నీ క్యాన్సర్ కావు, కానీ కొన్ని క్యాన్సర్‌గా మారుతయి. ఏది మారుతదో కంటితో చూసి చెప్పలేం. ప్రభుత్వ ఆసుపత్రిలో పంటి డాక్టరమ్మ చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది. క్యాన్సర్ లేదని వచ్చింది. మిశ్రి పూర్తిగా మానమన్నరు, మళ్లీ వచ్చి చూపించుకోమన్నరు. మానేసిన రెండు నెలలకు మచ్చ చాలా పలచబడ్డది. జారిన చిగురు మాత్రం వెనక్కి రాలేదు, తనంతట తాను రాదు కూడా. కొన్ని నష్టాలు ఆగుతయి, కొన్ని మిగిలిపోతయి. ఎంత తొందరగా మానితే అంత మిగులుతుంది.

"కాల్చినం కదా, విషం పోయి ఉంటది" అనేవాళ్లున్నరు. పోదు. పొగాకులో క్యాన్సర్ కలిగించే రసాయనాలు ముందే ఉన్నయి. మాడ్చినప్పుడు పొగలో, మసిలో ఉండే ఇంకొన్ని విషాలు వచ్చి చేరుతయి. పొగలేని పొగాకు నోటి క్యాన్సర్‌కు, అన్నవాహిక క్యాన్సర్‌కు కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చి చెప్పింది.

మరి ప్రభుత్వం ఏం చేస్తున్నది? పళ్లపొడిలో, టూత్‌పేస్టులో పొగాకు కలపడాన్ని కేంద్రం 1992లోనే నిషేధించింది. కంపెనీవాళ్లు కోర్టుకు పోతే 1997లో సుప్రీంకోర్టు కూడా ఆ నిషేధాన్ని నిలబెట్టింది. కానీ ప్యాకెట్ మీద పళ్లపొడి అని రాయకుండా పొగాకు వస్తువుగా అమ్మితే సంతలో దొరుకుతనే ఉంటది. ఇంట్లో పెనం మీద మాడ్చుకునే దానికి ప్యాకెట్టే లేదు, బొమ్మ హెచ్చరిక అసలే లేదు. చదవడం రాని అమ్మకు ఆ సంగతి చెప్పేది మనమే కావాలె.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. 30 ఏళ్లు దాటినవాళ్లకు ఆశా అక్కలు బీపీ, షుగర్, క్యాన్సర్ పరీక్షల కోసం ఒక ఫారం నింపుతరు. అందులో బీడీ, సిగరెట్ తాగుతారా, గుట్కా, ఖైనీ లాంటివి వాడతారా అని ఉంటది. మన అమ్మలు లేదంటరు. నిజాయితీగానే అంటరు, ఎందుకంటే అది వాళ్లకు పళ్లపొడి. అక్కడ లేదు అని పడితే ఎక్కువ ప్రమాదం ఉన్న మనిషి తక్కువ ప్రమాదం ఉన్నోళ్ల లెక్కలోకి పోతుంది.

అందుకే మన ఊళ్లలో చేయాల్సిన పని చెప్తాను. పగటి వెలుతురులో నోరు చూడండి. పొడి ఎక్కడ పెడతరో ముందు అడిగి అక్కడే చూడండి, పెదవి లోపల, బుగ్గ లోపల, నాలుక కింద. తుడిస్తే పోని తెల్లమచ్చ, ఎర్రమచ్చ, రెండు వారాలైనా మానని పుండు, గట్టిపడ్డ గడ్డ, ఇందులో ఏది కనిపించినా ఆసుపత్రికి తీసుకుపోండి. నొప్పి లేదని ఆగొద్దు. మొదట్లో క్యాన్సర్‌కు కూడా నొప్పి ఉండకపోవచ్చు.

మానేటప్పుడు మొదటి మూడు నాలుగు రోజులు కష్టం. తలనొప్పి, చిరాకు, మలబద్ధకం వస్తయి, కొన్ని వారాల్లో తగ్గుతయి. వేలికి అలవాటైన పనిని చేతికి ఇంకోటి ఇవ్వండి. మెత్తని బ్రష్, మామూలు ఫ్లోరైడ్ పేస్టు చాలు. పందుంపుల్ల అలవాటుంటే మెత్తగా నమిలి మెల్లగా తోమాలె. బూడిద, బొగ్గు, ఇటుకపొడి వద్దు, అవి పొగాకు కాకపోయినా పంటిని అరగదీస్తయి. నొప్పి మళ్లీ లేస్తే భయపడొద్దు, అది ముందు నుంచి ఉన్న పుచ్చే. ఈసారి పంటి డాక్టర్‌కు చూపించండి, లేకుంటే మళ్లీ మిశ్రి దగ్గరికే పోతరు. మానడానికి సలహా కావాలంటే 1800-11-2356 నంబరుకు ఫోన్ చేయండి, పైసలు పడవు.

చివరగా, తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, ఇంటికి పోయినాక "తంబాకు తింటవా" అని అడగొద్దు, లేదనే అంటరు. "పొద్దున పళ్లు దేనితో తోముకుంటవు అమ్మా" అని అడగండి. ఆశా అక్కతో కూడా ఇదే ప్రశ్న అడిగించండి.