మండపీత కొంటున్నారా? నీళ్లకి డబ్బులు కట్టకండి

ఈరోజు మండపీతల గురించి మాట్లాడుకుందాం. అదేనండి, కాకినాడ, కోనసీమ వైపు మార్కెట్లో తాడుతో కట్టేసి, బతికుండగానే అమ్ముతారు కదా, అవి. తెలంగాణ వాళ్లకి ఎండ్రకాయ అంటే వెంటనే తెలుస్తుంది, కాకపోతే ఇది పొలం గట్టు మీద దొరికే చిన్నది కాదు, మడ అడవుల బురదలో పెరిగే పెద్దది.

"బరువుగా ఉన్నది తీసుకో" అని అందరూ చెప్తారు. కరెక్టే, కానీ అదొక్కటే చాలదు. ఎందుకో చెప్తాను. పీత పెరగాలంటే పాత డిప్ప వదిలేయాలి. వదిలాక ఒళ్లంతా నీళ్లు పట్టించుకుని ఉబ్బుతుంది, ఆ పెద్ద సైజులోనే కొత్త డిప్ప గట్టిపడుతుంది. అంటే ఇల్లు ముందు రెడీ అయిపోతుంది, కండ మాత్రం తర్వాత కొన్ని వారాల పాటు నెమ్మదిగా నిండుతుంది. ఈ మధ్యలో పట్టుబడిందే నీళ్ల పీత. కాటా మీద ఆ నీళ్లు కూడా తూగుతాయి, కూరలో మాత్రం కారిపోతాయి.

ఇప్పుడు మీ ముందు ఒకే వెడల్పున్న రెండు పీతలు ఉన్నాయనుకోండి. ఒకటి నీట్‌గా మెరుస్తూ, కింద పొట్ట తెల్లగా, ముళ్లు షార్ప్‌గా ఉంది. రెండోది మాసిపోయి, పొట్ట మీద తుప్పు రంగు మరకలు, డెక్కల పళ్లు అరిగిపోయి ఉన్నాయి. మన చెయ్యి మొదటిదాని మీదకే పోతుంది. కానీ ఆ మెరుపు కొత్త డిప్పది. రెండోది అదే డిప్పలో చాలా రోజులుగా తిని నిండింది.

డౌటుంటే నొక్కి చూడాలి. "అక్కా, ఒకసారి తిప్పి పట్టుకోవా" అని అడగండి, కట్లు మాత్రం విప్పించకండి, ఆ డెక్క పట్టుకుంటే వేలు నుజ్జే. పొట్ట మీద మడత ఉంటుంది కదా, దాని పక్కన, వెనక కాళ్ల మొదట్లో బొటనవేలితో గట్టిగా నొక్కండి. ప్లాస్టిక్ డబ్బా మూతలా లోపలికి పోయి మళ్లీ పైకొస్తే వద్దు. రాయిలా కదలకపోతే తీసుకోండి. తూకం వేసేముందు తాడు కూడా చూడండి, తడిసిన లావు తాడైతే దాని బరువు మీ బిల్లులోకే.

బతికుందో లేదో తెలియాలంటే కన్ను దగ్గర పుల్లతో తాకండి, టక్కున లోపలికి లాక్కోవాలి. చచ్చిన మండపీత సగం రేటుకిచ్చినా నేను తీసుకోను, చాలా త్వరగా పాడైపోతుంది.

సముద్రపు పీత ఎక్కువగా ఐస్‌లో, చచ్చే వస్తుంది, అక్కడ కన్ను టెస్టు కుదరదు. కాళ్లు ఊడకుండా ఉండాలి, ఘాటు వాసన రాకూడదు. నొక్కి చూడటం దానికీ పనిచేస్తుంది, కాకపోతే దాని డిప్ప కాస్త పల్చన, మెల్లగా నొక్కండి.

నెక్స్ట్ ఎపిసోడ్‌లో శుభ్రం చేయడం చూద్దాం. బై.