అక్టోబరు 31 గడువు: మన సమాఖ్య రిటర్ను

(మహాజన సభలో ఒక చార్టర్డ్ అకౌంటెంట్ చేసిన ప్రసంగం)



ముందే ఒక మాట చెప్పేస్తాను. మా వృత్తికి 1949 నాటి చట్టం ఉంది. దాని ప్రకారం మేము పని ఇవ్వమని అడగకూడదు, ప్రచారం చేసుకోకూడదు. అందుకే నా ఫోన్ నంబరు ఇవ్వడం లేదు, ఫీజు ఎంతో చెప్పడం లేదు. మీ ఆడిటరు మీకు ఉన్నారు. గడువు గురించి మీకు తెలియాల్సింది చెప్పి కూర్చుంటాను.

మన సమాఖ్య మాక్స్ చట్టం కింద రిజిస్టరైన సహకార సంఘం. ఏటా ఆడిట్ చేయించాలని ఆ చట్టమే చెబుతోంది. ఇలా ఆడిట్ తప్పనిసరైన సంఘాలకు ఆదాయపు పన్ను రిటర్ను గడువు అక్టోబరు 31. జూలై 31 అని మీరు వినేది జీతగాళ్ల లాంటివాళ్లకు. అంటే మార్చి 31తో ముగిసిన లెక్కలకు ఆ ఏడాది అక్టోబరు 31 ఆఖరు.

"మనకు పన్నే పడదు కదా, ఆలస్యమైతే ఏమవుద్ది?" అని చాలాచోట్ల అడుగుతారు. పన్ను పడకపోవడానికి కారణం 80పి అనే సెక్షను. సభ్యులకు అప్పులిచ్చి వచ్చిన వడ్డీ మిగులును అది పూర్తిగా మినహాయిస్తుంది. కానీ దానికి తోడుగా 80ఏసీ అనే ఇంకో సెక్షను ఉంది. గడువులోగా రిటర్ను వేస్తేనే ఆ మినహాయింపు అంటుంది అది. అసలు చిక్కంతా ఇక్కడే.

లెక్క వేసి చూద్దాం. ఒక సమాఖ్యకు సభ్యుల అప్పులపై వడ్డీ నుంచి ఖర్చులన్నీ పోను 4,00,000 రూపాయలు మిగిలింది అనుకోండి. అక్టోబరు 31 లోపు వేస్తే పన్ను సున్నా. నవంబరులో వేస్తే మొత్తం 4 లక్షలూ పన్నుకు వస్తాయి. మొదటి 10,000 మీద 10 శాతం, అంటే 1,000. తర్వాతి 10,000 మీద 20 శాతం, 2,000. మిగతా 3,80,000 మీద 30 శాతం, 1,14,000. మొత్తం 1,17,000. దానిపై 4 శాతం సెస్సు 4,680 కలిపితే 1,21,680 రూపాయలు. ఆలస్య రుసుం 1,000 వేరే, వడ్డీ వేరే. ఇదంతా మీరు నెలనెలా కట్టిన వడ్డీలోంచి పోయే డబ్బే.

బ్యాంకులో వేసిన ఫిక్స్‌డ్ డిపాజిట్ల వడ్డీ సంగతి వేరు. దానికి ఈ మినహాయింపు వస్తుందా రాదా అన్నదానిపై కోర్టుల్లో రెండు రకాల తీర్పులున్నాయి. దాన్ని సభ్యుల వడ్డీతో కలపకుండా పుస్తకాల్లో విడిగా చూపించమని అకౌంటెంటుకు చెప్పండి.

ఇక "వేశాం" అని చెప్పినంత మాత్రాన సరిపోదు. రిటర్ను అప్‌లోడ్ చేశాక 30 రోజుల్లో వెరిఫై చేయాలి. అది దాటితే వెరిఫై చేసిన రోజే వేసిన తేదీ అవుతుంది. అక్టోబరు 25న అప్‌లోడ్ చేసి డిసెంబరులో వెరిఫై చేస్తే, ఆలస్యంగా వేసినట్టే లెక్క. ఇది ఎక్కువగా ఎక్కడ జరుగుతుందంటే, పాలకవర్గం మారినచోట. పోర్టల్‌లో పాత అధ్యక్షురాలి ఫోన్ నంబరే ఉంటుంది. ఓటీపీ ఆమెకు పోతుంది, ఆమెకు అదేంటో తెలియదు. నోటీసు వచ్చినా మానేసిన అకౌంటెంటు మెయిల్‌కే వెళ్తుంది. కొత్త పాలకవర్గం రాగానే ఆ నంబరు, మెయిల్ మార్పించండి.

వేశారో లేదో మీరే చూడొచ్చు. రసీదు కాగితం అడగండి. అందులో `139(1)` అని ఉంటే గడువులోపు వేసినట్టు. `139(4)` అని ఉంటే ఆలస్యంగా వేసినట్టు. ఆడిట్ రిపోర్టు చార్టర్డ్ అకౌంటెంటు ఇచ్చినదైతే దాని మీద యూడీఐఎన్ అని 18 అంకెలు, అక్షరాల నంబరు ఉండాలి. `udin.icai.org` లో ఎవరైనా సరిచూసుకోవచ్చు. ఇది అడగడం ఆడిటరును అవమానించినట్టు కాదమ్మా, అది సభ్యుల కోసం పెట్టిందే.

ఆడిట్ ఆలస్యమైందనే మాట ప్రతి ఏడూ వింటుంటాను. ఆడిటరు చేతికి పుస్తకాలు జూన్‌లో అందితే అక్టోబరుకు ఇబ్బంది ఉండదు. గ్రామ సంఘాల నుంచి అప్పుల బాకీ లెక్కలు సెప్టెంబరు దాకా రాకపోతే ఏ ఆడిటరూ సంతకం పెట్టలేడు. కొన్నేళ్లు ప్రభుత్వం గడువు పొడిగించిన మాట నిజమే, అయితే అది చివరి రోజుల్లో చెబుతారు, చెప్పని ఏళ్లూ ఉన్నాయి.

ఒక అక్క చీటీ రాసి పంపారు, గడువు దాటిపోతే ఇక దారే లేదా అని. ఆలస్యాన్ని మన్నించమని పన్ను శాఖ పై అధికారులకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. రాష్ట్ర చట్టం ప్రకారం జరగాల్సిన ఆడిట్ ఆలస్యమైన సహకార సంఘాల కోసం 2023 జూలైలో కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు ఒక సర్క్యులరు ఇచ్చింది, కానీ అది పాత సంవత్సరాలకు. ఆలస్యం మన చేతిలో లేని కారణం వల్లనే అని కాగితాలతో చూపించాలి. ఆడిటరుకు పుస్తకాలు ఏ తేదీన ఇచ్చారో రాసి సంతకం తీసుకోండి, అలాంటప్పుడు పనికొచ్చే కాగితం అదే.