కిస్తీలన్నీ కూడితేనే వడ్డీ కనబడుతుంది

మా సంఘంలో ఒక మీటింగులో గొడవ జరిగింది. ఆ గొడవ గురించే చెప్పమని మా వి.ఓ. వాళ్లు అన్నారు కాబట్టి అదే చెబుతాం.

మా సంఘంలో ఇద్దరు సభ్యులు ఒకే నెలలో గేదెలు కొన్నారు. ఒకామె సంఘంలో 48,000 అప్పు తీసుకుంది. ఇంకొకామెకు అప్పటికి వంతు రాలేదు. వంతు వచ్చేదాకా ఆగలేక బయట ఒక కంపెనీలో 48,000 తీసుకుంది. రెండూ 24 నెలలకే, రెండూ నూటికి రూపాయి వడ్డీయే. మొదటి నెల ఇద్దరూ కట్టింది కూడా ఒకటే, 2,480.

పదో నెలలో కంపెనీ అప్పు తీసుకున్న ఆమె రెండో ఆమె పాస్ బుక్కు చూసింది. అందులో 2,300 అని ఉంది. తను మాత్రం ఇంకా 2,480 కడుతోంది. "మీరు మీకు కావలసినవాళ్లకు వడ్డీ తగ్గించి రాసుకుంటున్నారు" అని మీటింగులో లేచి అనేసింది. మాకు చాలా బాధ అనిపించింది. పుస్తకాలు రాసేది మేమే మరి. కానీ కోప్పడితే అనుమానం పోదు కదా. ఇద్దరి కాగితాలూ తెప్పించి, అందరి ముందు బోర్డు మీద రాశాం.

ముందు సంఘం అప్పు రాశాం. నెలకు అసలు 2,000. వడ్డీ మాత్రం మిగిలిన అసలు మీదే. మొదటి నెల 48,000 మీద 480. రెండో నెలకు అసలు 46,000కు దిగింది కాబట్టి వడ్డీ 460. ఇట్లా నెలకు 20 చొప్పున దిగుతూ పదో నెలకు 300 అవుతుంది, ఆఖరి నెలలో 20 మాత్రమే. 24 నెలల వడ్డీని ఒకదాని కింద ఒకటి రాసి కూడితే సరిగ్గా 6,000 వచ్చింది. అసలు వరుస కూడితే 48,000. రెండూ కలిపితే 54,000. కిస్తీల వరుసను విడిగా కూడినా అదే 54,000 రావాలి, వచ్చింది. మూడు వరుసలూ ఇట్లా కలిసినప్పుడే మన కూడిక తప్పు పోలేదని నమ్మాలి.

తర్వాత కంపెనీ కార్డు తీశాం. అందులో తేదీలు, కిస్తీలు ఉన్నాయి. 2,480 చొప్పున 24 సార్లు, మొత్తం 59,520. అందులో అసలు 48,000 తీసేస్తే వడ్డీ 11,520. బోర్డు మీద 6,000 పక్కన 11,520 పడేసరికి గదిలో ఎవరూ మాట్లాడలేదు.

రెండూ రూపాయి వడ్డీయే అయినప్పుడు ఇంత తేడా ఎందుకంటే, కంపెనీ ప్రతి నెలా మొదటి 48,000 మీదే 480 వేసింది. ఇరవై నాలుగో నెలలో ఆమె చేతిలో ఉన్న అసలు 2,000 మాత్రమే, అయినా వడ్డీ 480. దీన్నే ఫ్లాట్ వడ్డీ అంటారు. నెలనెలా అసలు తీరుస్తుంటే 24 నెలల్లో మన దగ్గర సగటున ఉండేది 25,000 మాత్రమే. వడ్డీ కట్టింది మాత్రం 48,000కు. మా సి.సి. గారు కంప్యూటర్లో లెక్కేసి, మనలాగా నిల్వ మీద వేస్తే అది దాదాపు రూపాయి ఎనభై పైసల వడ్డీ అని చెప్పారు.

అంతటితో అయిపోలేదు. "చేతికి ఎంత వచ్చింది?" అని అడిగితే 46,800 అంది. ఫీజు, ఇన్సూరెన్సు పేరుతో 1,200 ముందే పట్టుకున్నారు. అంటే ఆమె తీసుకున్నది 46,800, కట్టేది 59,520. తేడా 12,720. అప్పుడు అది రెండు రూపాయలు దాటిన వడ్డీ. అందుకే కిస్తీలు కూడాక కాగితం మీద ఉన్న అప్పును కాకుండా చేతికి వచ్చిన సొమ్మును తీసేయాలి. ఇది సంఘం అప్పుకూ, బ్యాంకు అప్పుకూ కూడా వర్తిస్తుంది. మన దగ్గర కూడా పట్టుకునేవి ఉంటే అవీ లెక్కలోకి రావాలి.

ఈ కూడికలో మేమే రెండు చోట్ల తడబడ్డాం. మొదటిది పొదుపు. మన సభ్యులు కిస్తీతో పాటు నెల పొదుపు కూడా ఒకేసారి కడతారు. 100 పొదుపు కలిపి రాసుకుంటే 24 నెలలకు 2,400 వడ్డీ ఎక్కువైనట్టు కనబడుతుంది. అది మన డబ్బే, తీసేసి కూడాలి. రెండోది కిస్తీల సంఖ్య. నెలకు కాకుండా వారానికో, రెండు వారాలకో కట్టే కార్డుల్లో కిస్తీ చిన్నగా ఉంటుంది కానీ ఏడాదికి 52 అవుతాయి, లేదా 26. కార్డు మీద వేలు పెట్టి లెక్కపెట్టాలి. ఆఖరి కిస్తీ తక్కువగానో ఎక్కువగానో ఉంటే గుణించడం కుదరదు, కూడాల్సిందే.

ఇంకొక మాట. మొత్తం వడ్డీ ఒక్కటే చూసి కూడా మోసపోవచ్చు. అదే 48,000 ఏడాదికే తీసుకుని రెండు రూపాయల వడ్డీ కడితే, నిల్వ మీద మొత్తం 6,240 అవుతుంది. రెండేళ్ల రూపాయి వడ్డీకి 6,000. దగ్గరదగ్గరగానే ఉన్నాయి, కానీ మొదటిది రెట్టింపు ధర. కాబట్టి రెండు అప్పులను పక్కపక్కన పెట్టేటప్పుడు సొమ్మూ, నెలలూ ఒకటే అయి ఉండాలి.

ఆమె విషయానికి వస్తే, ఆ అప్పు వెంటనే తీర్చేస్తానంది. కంపెనీ మనిషిని అడిగితే "మిగతా 14 కిస్తీలు కట్టండి, 34,720" అన్నాడు. అందులో ఇంకా వాడుకోని నెలల వడ్డీ కూడా ఉంది కదా అని మేం వెంట వెళ్లాం. 2022 ఏప్రిల్ నుంచి ఉన్న రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం ఇట్లాంటి చిన్న అప్పులను ముందుగా తీరిస్తే జరిమానా వేయకూడదు. అప్పు వివరాల కాగితం మనకు అర్థమయ్యే భాషలో ఇవ్వాలి, అన్ని ఖర్చులూ కలిపిన ఏడాది వడ్డీ శాతం అందులో ఉండాలి. "ఈరోజుకు ఎంత కడితే అప్పు మూసేస్తారో రాసివ్వండి" అని బ్రాంచిలో అడిగాం. రెండుసార్లు తిప్పారు. మూడోసారి 30,451 అని రాసిచ్చారు. నోటిమాటకూ ఆ కాగితానికీ తేడా 4,269. అప్పటికి ఆమె వంతు వచ్చింది కాబట్టి సంఘంలో తీసుకుని కట్టేసింది. బాకీ లేదని కాగితం కూడా తెచ్చుకుంది. మీటింగులో అన్న మాటకు తర్వాత ఆమే నవ్వుకుంది. మేం మాత్రం ఆమె అడగకపోతే ఆ కార్డు ఎప్పటికీ చూసేవాళ్లం కాదు.

ఇప్పుడు మా తీర్మానం పుస్తకంలో ప్రతి అప్పు కింద మూడు అంకెలు రాస్తున్నాం: చేతికి వచ్చింది, మొత్తం కట్టేది, తేడా. అప్పు తీసుకునే ఆమే చదివి వినిపించి సంతకం పెడుతుంది. చదువు రాని అక్కకు కూతురో కొడుకో చదివినా సరే, గట్టిగా చదవాలి.

భోజనాల తర్వాత వెనక గదిలో బోర్డు పెట్టిస్తున్నాం. బయట అప్పులున్నవాళ్లు కార్డు, పెన్ను తీసుకుని రండి. పేర్లు రాయం, కార్డులు మా దగ్గర పెట్టుకోం.