బీడీ పొగ కంటిలో చేసే పని

(సంస్థ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

మేము డాక్టర్లం కాము. బడిలో పిల్లలకు పాఠాలు చెప్పుకునేవాళ్లం. అయితే మన సంస్థ కంటి శిబిరాలలో పేర్లు రాసే పని కొన్నేళ్లుగా మాకే అప్పగిస్తున్నారు. ఆ బల్ల దగ్గర కూర్చుంటే జేబులో బీడీ కట్ట ఉన్నవాళ్లు ఎంతమందో తెలుస్తుంది. పొగ ఊపిరితిత్తులను, గుండెను పాడు చేస్తుందని వాళ్లందరికీ తెలుసు. కంటిని కూడా పాడు చేస్తుందంటే మాత్రం, "కంట్లోకి పొగ పోతే మంటే కదా సార్, నీళ్లు కొట్టుకుంటే పోతుంది" అంటారు. అసలు చెరుపు కంటి బయట తగిలే పొగతో రాదు. ఊపిరితిత్తుల్లోకి పోయిన పొగ రక్తంలో కలిసి లోపలి దారిన కంటికి చేరుతుంది.

మనకు తెలిసిన ఒకాయన సంగతి చెబుతాము. పేరు చెప్పము, ఆయన కూడా వద్దన్నారు. వయసు యాభై ఏడు. మదనపల్లె టమాటా మండీలో లెక్కలు రాసే పని. ఇరవై రెండో ఏట బీడీ మొదలుపెట్టారు. రోజుకు ఒక కట్ట, అంటే ఇరవై ఐదు. ముప్పై ఐదేళ్లకు లెక్క కడితే మూడు లక్షలు దాటింది.

రెండేళ్ల కిందట ఒక పెళ్లిలో ఆయన మాతో గొప్పగా చెప్పుకున్నారు. "మాస్టారూ, నాకు కళ్లజోడు అక్కర లేకుండా పోయింది. పేపరు ఉత్త కళ్లతో చదువుతున్నా!" పక్కనున్నవాళ్లంతా మాషా అల్లా అన్నారు. మేమూ అన్నాము. తర్వాత తెలిసింది, సంతోషించాల్సిన విషయం కాదని.

అదెలాగో చూద్దాం. పదో తరగతిలో మానవుని కన్ను పాఠం చెప్పేటప్పుడు కంటి కటకం గురించి చెబుతాము. అది గాజు కాదు, ప్రోటీన్‌తో కట్టిన పారదర్శకమైన వస్తువు. దానికి రక్తనాళాలు లేవు. చుట్టూ ఉండే నీటి నుంచే దానికి ఆహారం అందాలి. పైగా పాత కణాలను పారేసే దారి దానికి లేదు. కొత్త పొరలు పైపైన పేరుకుంటూ ఉంటే, మనం పుట్టినప్పటి పదార్థం మధ్యలో అలాగే ఉండిపోతుంది. యాభై ఏళ్ల మనిషి కటకం నడిబొడ్డున ఉన్న ప్రోటీన్ వయసు కూడా యాభై ఏళ్లే. దాన్ని తాజాగా ఉంచేవి గ్లూటాథయోన్, విటమిన్ సి వంటి రక్షక పదార్థాలు. పొగలోని రసాయనాలు ఈ రక్షకులను ఖర్చు చేసేస్తాయి. దానికి తోడు పొగాకులో కాడ్మియం అనే లోహం ఉంటుంది. పొగ తాగేవారి కటకాలలో అది పేరుకుంటుందని పరీక్షల్లో తేలింది. కోడిగుడ్డు తెల్లసొన వేడి తగిలితే ఎలా తెల్లబారుతుందో, అలా ఆ ప్రోటీన్ మెల్లమెల్లగా ముద్దలు కడుతుంది. గుడ్డుకు నిమిషాలు పడితే దీనికి ఏళ్లు పడుతుంది. అదే శుక్లం. మన ఊళ్లలో పొర అంటారు గానీ, అది పైన కప్పిన పొర కాదు, కటకమే మసకబారడం.

పొగకు ఎక్కువగా సంబంధం ఉన్నది కటకం నడిమధ్యలో వచ్చే శుక్లానికి. ఆ మధ్యభాగం గట్టిపడి పసుపుగా, తర్వాత గోధుమ రంగుగా మారుతుంది. గట్టిపడినకొద్దీ కటకం కాంతిని ఎక్కువగా వంచుతుంది. దానివల్ల దగ్గరివి జోడు లేకుండా కనిపిస్తాయి, దూరానివి మసకవుతాయి. మన లెక్కల పెద్దమనిషికి జరిగింది ఇదే. పేపరు చదవగలిగారు, కానీ బస్టాండులో పలమనేరు బోర్డు బస్సు దగ్గరికి వచ్చేదాకా కనబడలేదు. ఏడాదిలో రెండుసార్లు దూరపు అద్దాల నంబరు మారింది. రాత్రి పుంగనూరు రోడ్డులో ఎదురు లారీ లైటు పడితే బండి పక్కకు ఆపేయాల్సి వచ్చేది. చదువు జోడు అవసరం తనంతట తాను పోయిందని నడివయసు వాళ్లు ఎవరైనా చెబితే, అభినందించకుండా కంటి పరీక్షకు పంపండి.

ఇది ఎక్కడో అమెరికా సంగతి అనుకోవద్దు. మన తెలుగు నేల మీదే 1996 నుంచి 2000 వరకు ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ వారు ఆంధ్రప్రదేశ్ కంటి వ్యాధుల అధ్యయనం చేశారు. హైదరాబాదులోను, పశ్చిమ గోదావరి, ఆదిలాబాదు, మహబూబ్‌నగర్ జిల్లాల పల్లెల్లోను 10,293 మందిని పరీక్షించారు. సిగరెట్ తాగేవారిలో ఈ మధ్యభాగపు శుక్లం ఎక్కువగా కనిపించింది. చుట్ట బాగా తాగేవారిలో మాక్యులా క్షీణత, మిగతావారి కంటే సుమారు మూడు రెట్లు కనిపించింది. ఆ జిల్లాల్లో మన చిత్తూరు సీమ లేదు. మన దగ్గర చుట్ట కంటే బీడీ ఎక్కువ. బీడీ చిన్నది కదా, తునికాకు కదా, సిగరెట్ అంత చెరుపు కాదులే అనే మాట చాలాసార్లు విన్నాము. బీడీలో పొగాకు తక్కువే. కానీ అది మాటిమాటికీ ఆరిపోతుంది, ఆరకుండా గట్టిగా, తరచుగా పీల్చాలి. అందువల్ల లోపలికి పోయే తారు, నికోటిన్ సిగరెట్‌కు తీసిపోవు.

మళ్లీ మన పెద్దమనిషి దగ్గరికి వద్దాం. కుడికంటికి శుక్లం ఆపరేషన్ అయింది, లోపల కొత్త కటకం పెట్టారు. మరునాడు కట్టు విప్పగానే వెలుతురు వచ్చింది, రంగులు వచ్చాయి. టమాటా ఇంత ఎర్రగా ఉంటుందని మరిచిపోయానన్నారు. వారం తర్వాత మాకు ఫోన్ చేశారు. "మాస్టారూ, ఎడమకన్ను మూసి చూస్తే మనిషి చెవులు కనిపిస్తున్నాయి, ముక్కు దగ్గర మసక. లెక్కల పుస్తకంలో గీత మధ్యలో తెగినట్టుంది. ఆపరేషన్ చెడగొట్టారు" అన్నారు.

ఆపరేషన్ చెడలేదు. కంటి వెనక గోడకు రెటీనా అని పేరు. దాని నడుమ కొన్ని మిల్లీమీటర్ల చోటే మాక్యులా. అక్షరం చదవడం, ముఖం గుర్తుపట్టడం, సూదిలో దారం ఎక్కించడం, అన్నీ ఆ చిన్న చోటి పనులే. అది చాలా ప్రాణవాయువు ఖర్చు చేసే చోటు. పొగ అక్కడికి వచ్చే రక్తాన్ని తగ్గిస్తుంది, ఆ చోటుకు కవచంలా ఉండే పసుపు రంగు పదార్థాన్ని పలచన చేస్తుంది. దాని కింద చెత్త ఎత్తే కణాల పొర ఒకటి ఉంది, అది అలసిపోతే చెత్త చుక్కలుగా పేరుకుంటుంది. ఇదే పొడి రకం. కొందరిలో బలహీనమైన రక్తనాళాలు కొత్తగా మొలిచి కారుతాయి, అది తడి రకం. ఈయనకు పొడి రకం. శుక్లం ముందు నిలబడి ఉన్నంతకాలం వెనకది బయటపడలేదు. తలుపు తీస్తే గానీ గోడ పగులు కనబడనట్టు.

డాక్టరుగారు ఆయనకు చెప్పిన మాటలు మేము పక్కనుండి విన్నాము. శుక్లాన్ని తీసి వేరే కటకం పెట్టగలం, మాక్యులాను మార్చలేం. పొడి రకంలో పోయిన చూపును తిరిగి తెచ్చే మందు లేదు. తడి రకానికి కంటిలోకి ఇచ్చే ఇంజెక్షన్లు ఉన్నాయి గానీ, కారడం మొదలైన రోజుల్లోనే రావాలి. నెలలు గడిస్తే మచ్చ మిగిలిపోతుంది. అందుకని ఇంట్లో చేసుకునే ఒక పరీక్ష నేర్పారు. మా బడి పిల్లల గళ్ల నోటుబుక్కు చాలు. ఒక పేజీ మధ్యలో నల్ల చుక్క పెట్టండి. చదువు జోడు పెట్టుకుని, కాగితాన్ని జానెడున్నర దూరంలో పట్టుకుని, ఒక కన్ను పూర్తిగా మూసి, రెండో కంటితో చుక్కనే చూడండి. తర్వాత కన్ను మార్చండి. గీతలు వంకర తిరిగినా, కొన్ని గళ్లు మాయమైనా, ఆ వారంలోనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. రెండు కళ్లతో చూస్తే ఏమీ తెలియదు, మంచి కన్ను చెడ్డ కంటి లోపాన్ని కప్పేస్తుంది. మన పెద్దమనిషి ఇన్నాళ్లు మోసపోయింది అక్కడే.

ఇంకొక సంగతి. కంటికి మంచివని ఆయన అల్లుడు ఖరీదైన మాత్రలు పంపాడు. డాక్టరుగారు పట్టీ తిప్పి చూసి, బీటా కెరోటిన్ అనే మాట దగ్గర వేలు పెట్టారు. పొగ తాగేవారు, కిందటివరకు తాగి మానినవారు బీటా కెరోటిన్ మాత్రలు వేసుకుంటే ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు పెరుగుతుందని పెద్ద పరిశోధనల్లో తేలింది. అందుకే 2013లో అమెరికా వారి పరిశోధన తర్వాత దాని బదులు ల్యూటిన్, జియాజాంథిన్ పెట్టారు. ఆ మాత్రలు కూడా జబ్బు ఒక దశకు చేరినవారిలో ముదరడాన్ని నెమ్మదింపజేస్తాయే తప్ప, ముందుగా రాకుండా ఆపవు. క్యారెట్ కూరకు ఈ భయం లేదు, అది తినండి.

మానేస్తే ఏమైనా లాభమా అని ఆయన అడిగారు. శుక్లం ముప్పు ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా తగ్గుతుంది, అయితే బాగా తాగినవారిలో పూర్తిగా పోదు. మాక్యులా విషయంలో ఇరవై ఏళ్లు మానినవారి ముప్పు, ఎన్నడూ తాగనివారికి దగ్గరగా వస్తుంది. ఆయనకు ఎడమకన్ను ఇంకా బాగుంది, అందుకోసం మానేశారు. నాలుగు నెలలు ఆగి, ఒక పెళ్లి రాత్రి మళ్లీ ముట్టించారు, మళ్లీ మానేశారు. రంజాన్‌లో తెల్లవారుజాము నుంచి మగ్రిబ్ దాకా ఆగగలిగే మనిషి ఇఫ్తార్ ఖర్జూరం నోట్లో ఉండగానే బయటికి వెళ్లి ముట్టించడం మనం అందరం చూసిందే. ఆ మొదటి బీడీ దాటించడానికే సాయం కావాలి. 1800-11-2356 అనే ప్రభుత్వ ఉచిత ఫోన్ నంబరు అందుకే ఉంది.

ఇంట్లో ఆడవాళ్ల మాట కూడా చెప్పాలి. బీడీ ముట్టకపోయినా కట్టెల పొయ్యి దగ్గర ఏళ్ల తరబడి కూర్చున్నవారిలో శుక్లం ఎక్కువని మన దేశంలోను, నేపాల్లోను చూశారు. శిబిరంలో వాళ్లను కూడా పొయ్యి సంగతి అడగాలి.

దాతలకు మా విన్నపం ఒకటే. మీరిచ్చే డబ్బుతో ఇన్నాళ్లు శుక్లం చూసి ఆపరేషన్‌కు పంపాము. ఇకమీద నలభై దాటిన ప్రతి ఒక్కరిని బీడీ, సిగరెట్, చుట్ట ఎన్ని, ఎన్నేళ్లు అని అడిగి చీటీ మీద రాస్తాము. పొగ తాగేవారికి చుక్కల మందు వేసి కనుపాప పెద్దది చేసి రెటీనా చూడమని డాక్టర్లను కోరుతాము. చుక్కలు వేశాక కొన్ని గంటలు బండి నడపలేరు కాబట్టి, పల్లెల నుంచి వచ్చినవారికి తిరుగు ఆటో ఖర్చు మనమే పెట్టుకోవాలి. శుక్లం మరీ ముదిరి రెటీనా కనబడకపోతే, చూపు ఎంతవరకు వస్తుందో ఇప్పుడే చెప్పలేమని ఆపరేషన్‌కు ముందే ఇంటివాళ్లకు చెప్పాలి. గళ్ల కాగితాలు అచ్చు వేయించే పని మా బడి వాళ్లం చూసుకుంటాము. పుంగనూరు, కుప్పం శిబిరాలకు వచ్చే నెలలోగా పంపిస్తాము.