ఖాతా ఒకటి, లెక్కలు రెండు

హైదరాబాదులో తండ్రి, అమెరికాలో కూతురు. ఉమ్మడి ఖాతాలో 10,000 రూపాయలు ఉన్నాయనుకుందాం. రెండుచోట్లా సొంతంగా రాసుకునే సర్వర్లుంటే దాన్ని మల్టీ-లీడర్ అంటాం. ఒకే క్షణంలో ఇద్దరూ చెరో 8,000 తీస్తే రెండు సర్వర్లూ సరేనంటాయి. లెక్కలు కలిపాక 6,000 లోటు బయటపడుతుంది. అప్పటికే డబ్బు ఇచ్చేశాం.

లీడర్-ఫాలోయర్‌లో రాసేది ఒక్క లీడరే, మిగతావి నకళ్లు. రెండో విత్‌డ్రాయల్ అక్కడే ఆగిపోతుంది. కూతురి కోరిక సముద్రాలు దాటి రావాలి గనుక కాస్త ఆలస్యం. లింకు తెగితే పని ఆగుతుంది. దగ్గరి నకలు కాసేపు పాత బ్యాలెన్సే చూపవచ్చు. అందుకే డబ్బిచ్చే ముందు నిల్వను లీడర్ దగ్గరే సరిచూడాలి.

ఇన్ని ఇబ్బందులున్నా ఖాతాకు నేను దీన్నే ఎంచుకుంటాను. ఫొటోల ఆల్బమ్‌కైతే మల్టీ-లీడరే హాయి: ఇద్దరు పెట్టిన ఫొటోలూ ఉంచుకోవచ్చు. ఒకే రూపాయిని రెండుసార్లు ఇవ్వలేం కదా!