కొటేషన్ అడుగున ఉండే రెండు వరుసలు



నేను లెక్కల మాస్టారిని. ఈ రోజు చెప్పేదీ లెక్కే. మీలో చాలామంది కొటేషన్లు ఇచ్చేవారు, తీసుకునేవారు. ధర దగ్గర ఎంతో బేరమాడతాం గానీ, దాని కింద ఉండే చెల్లింపు షరతులను సరిగా చదవం.

వెల్డింగ్ షాపు నడిపే నా పాత విద్యార్థి ఒకడు ఒక సంస్థకు 40 బెంచీలు చేస్తానని కొటేషన్ ఇచ్చాడు. బెంచీ రూ. 3,000 చొప్పున మొత్తం రూ. 1,20,000. కింద ఇలా రాశాడు: "అడ్వాన్సు 50 శాతం. మిగతాది నెట్ 30. సరుకు 20 రోజుల్లో."

మే 6న ఆర్డరు వచ్చింది. అడ్వాన్సు రూ. 60,000 మే 16న గానీ చేతికి రాలేదు. ఇనుప పైపులకు, ప్లైవుడ్‌కు రూ. 72,000 కావాలి. తక్కువైన రూ. 12,000 సరుకు జులై 6న ఇస్తానని ఇనుము కొట్లో అరువు తెచ్చాడు. డబ్బు అందిన నాటి నుంచి 20 రోజులు లెక్కేసి జూన్ 5న బెంచీలు దించాడు. వాళ్లేమో ఆర్డరు నాటి నుంచి లెక్కేసి, మే 26కే రావాలి కదా అన్నారు. పని ఒత్తిడిలో వాడు బిల్లు జూన్ 20న ఇచ్చాడు.

"సార్, జులై 5కి డబ్బులు రావాలి కదా?" అని అడిగాడు.

"రావురా. నెట్ 30 అంటే బాకీ మొత్తం 30 రోజుల్లోగా కట్టాలని అర్థం. ఆ రోజులను మామూలుగా బిల్లు తేదీ నుంచి లెక్కేస్తారు, సరుకు దించిన రోజు నుంచి కాదు. నీ గడువు జులై 20" అన్నాను. బిల్లు ఆలస్యం చేసిన పదిహేను రోజులూ వాడికే నష్టమయ్యాయి. ఇనుము కొట్టు బాకీకి ఇంట్లో డబ్బు తీయాల్సి వచ్చింది.

ఇంకో సంగతి. 30 రోజులంటే ఆదివారాలు, సెలవులతో కలిపి 30 రోజులు. ఒక నెల అనుకోకూడదు. జనవరి 31న ఇచ్చిన బిల్లుకు గడువు మామూలు సంవత్సరంలో మార్చి 2.

తర్వాత ఇద్దరం కూర్చుని షరతులు తిరగరాశాం: "అడ్వాన్సు 60 శాతం. అది ఖాతాలో పడిన రోజు నుంచి 20 రోజుల్లో సరుకు. సరుకుతోపాటే బిల్లు. బిల్లు తేదీ నుంచి 30 రోజుల్లో మిగతా 40 శాతం." అరవై ఎందుకంటే ముడిసరుకు ఖర్చు రూ. 72,000 సరిగ్గా అంతే. బిల్లు మీద "నెట్ 30" పక్కనే గడువు తేదీ కూడా వేయమన్నాను. తేదీ కనబడితే ఇద్దరూ వేర్వేరు లెక్కలు వేయరు.

చిన్న పరిశ్రమగా ఉద్యమ్‌లో నమోదైన వారికి 2006 నాటి చట్టం అండగా ఉంది. రాతపూర్వక ఒప్పందం ఉన్నా, సరుకు అంగీకరించిన రోజు నుంచి 45 రోజులకు మించి గడువు పెట్టరాదు.

మీరు ఆర్డరిచ్చేవారైతే సంతకానికి ముందు ఒక్క మాట అడగండి: "ఈ రోజులు ఎప్పటి నుంచి లెక్క?" జవాబును ఆ కాగితం మీదే రాయించండి.